పై వాటా వాళ్ళకు ఉత్తరం: మొదట పంపింది, తిరగరాసింది

మొదట పంపింది

ఆత్మీయులందరికీ నమస్కారం. ఇటీవలి వరదల సమయంలో మా కుటుంబానికి అండగా నిలిచి, ఎనలేని సహాయ సహకారాలు అందించిన మీకు పేరుపేరునా హృదయపూర్వక ధన్యవాదాలు. మీ మేలు ఎన్నటికీ మరువలేము. ఆ భగవంతుడు మిమ్మల్ని, మీ కుటుంబాన్ని చల్లగా చూడాలని కోరుకుంటున్నాము.

తిరగరాసింది

హైదరాబాద్,
22 సెప్టెంబరు 2024

చెల్లెమ్మకూ, బావగారికీ,

గ్రూపులో అందరికీ పెట్టిన మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఫోన్ చేసి పలకరించిన చుట్టాలకీ, దుప్పట్లు పంపిన ఆఫీసు వాళ్ళకీ అది చాలు. మీకు చాలదు. అందుకే ఇది విడిగా రాస్తున్నాను.

ఆ ఆదివారం, సెప్టెంబరు 1న పొద్దున్నే అమ్మ మంచం దిగి కాలు పెడితే నీళ్ళు తగిలాయట. మన విజయవాడ బుడమేరు వాగు పొంగిందన్నది తన ఆలోచనలోకే రాలేదు. పైన మీరు మోటారు ఆపడం మరిచిపోయారు, ట్యాంకు పొంగింది అనుకుని మిమ్మల్ని తిట్టుకుంటూ తలుపు తీసిందట. ఎదురుగా బావగారు. ఈ మాట తనే నాకు చెప్పి నవ్వింది. మీకు చెప్పి ఉండదు కాబట్టి నేను చెప్పేస్తున్నాను.

మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు ఎక్కలేక అమ్మ మేడ మీదకి రావడం ఎప్పుడో మానేసింది. అలాంటి మనిషిని వీపు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళారు. ఆ తర్వాత మళ్ళీ కిందకి దిగారు. ఫ్రిజ్‌లో ఇన్సులిన్, దిండు కింద కళ్ళజోడు, బీరువాలో ఇంటి కాగితాలు. మూడోసారి దిగింది నాన్న ఫోటో కోసం. అమ్మ అడగలేదట. నడుం లోతు నీళ్ళలో దాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చారని చెబుతూ, అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి ఫోన్లో ఏడ్చేసింది.

ఇంకో సంగతి మీరు చెప్పలేదు, పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ సమయానికి మన వీధిలో ఆటోలున్న వాళ్ళందరూ వాటిని తీసుకెళ్ళి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద పెట్టుకుంటున్నారు. మీ ఆటో మన గుమ్మం ముందే ఉంది, తాళాలు మీ జేబులోనే ఉన్నాయి. మీరు అమ్మ కోసం మెట్లు ఎక్కి దిగుతుండగా అది మునిగిపోయింది. మీ ఇల్లు నడిచేది ఆ ఆటోతోనే. ముందు ఆటో పెట్టొచ్చి తర్వాత అమ్మని చూసినా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు, నేనైతే అసలే కాదు. అయితే మీరు వెనక్కి వచ్చేసరికి నీళ్ళు ఎంత ఉండేవో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

కన్నకొడుకుని, రాలేకపోయాను. నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదే వరద. రైలుకి వద్దామంటే కేసముద్రం దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. టీవీలో ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటాయని చెబుతుంటే, ఆ అంకె చూస్తూ కూర్చోవడం తప్ప ఇక్కడ నాకు పనేమీ లేదు. కరెంటు లేదని బావగారు రోజంతా ఫోన్ ఆపేసి, సాయంత్రం ఆరింటికి ఒక్కసారి ఆన్ చేసి నాకు చేసేవారు. "తిన్నారు, సూది వేసుకున్నారు, పడుకున్నారు." అంతే, పెట్టేసేవారు. మా ఇంట్లో అందరం ఆరింటికి ముందే ఫోన్ చుట్టూ చేరేవాళ్ళం. మీ ఫోన్లో మిగిలిన ఆ కాస్త ఛార్జింగ్ మీ అమ్మగారితో మాట్లాడుకోవడానికి కూడా వాడలేదట కదా.

చెల్లెమ్మా, ఇన్సులిన్ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఫ్రిజ్ ఆగిపోతే సీసాని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని కుండలో దించి, కుండకి తడిగుడ్డ చుట్టి, గుడ్డ ఆరినప్పుడల్లా తడిపావట. రాత్రి కూడా లేచి చూసేదానివని అమ్మ చెప్పింది. ఇది నీకు ఎవరు నేర్పారో గానీ, మా డాక్టరుగారికి చెబితే "బాగా చేశారండీ" అన్నారు.

తిండి దగ్గర నువ్వు చేసిన పని అమ్మ కనిపెట్టలేదనుకున్నావేమో. పడవలో వచ్చిన పులిహోర పొట్లాలు మీ ముగ్గురూ తిని, ఇంట్లో ఉన్న గోధుమరవ్వ మొత్తం అమ్మకి జావ కాచి పోశావు. షుగరు మనిషికి పూటపూటా అన్నం పడదని. బాబు జావ కావాలని మారాం చేస్తే వాడిని మేడ మీదకి తీసుకెళ్ళి పడవలు చూపించావట. అమ్మకి మోకాళ్ళే సరిగ్గా లేవు, చెవులు బాగానే ఉన్నాయి.

అమ్మతో వేగడం ఎంత కష్టమో నాకు తెలుసు. నీళ్ళ దగ్గర, మోటారు దగ్గర, మెట్ల మీద చెప్పుల దగ్గర తను మిమ్మల్ని అన్న మాటలు కొన్ని నా చెవిన కూడా పడ్డాయి. ఆ గదిలో మీ మంచం తనకిచ్చి మీరు నేల మీద పడుకున్నన్ని రోజుల్లో వాటిలో ఒక్కటీ ఎత్తలేదని అమ్మే అంది. చవితి రోజు బజారు లేదు, పత్రి లేదు. అయినా పసుపు ముద్దతో వినాయకుణ్ణి చేసి, మేడ మీద కుండీల్లో దొరికిన ఆకులు తెచ్చి, పూజ తన చేతే చేయించావు. కథ పుస్తకం కింద నానిపోయిందని నోటికి వచ్చినంత చెప్పిందట, అందులో సగం తప్పు చెప్పిందని తనే ఒప్పుకుంది. అక్షతలు వేసుకున్నాక అది పండగలానే ఉందిరా అంది. ఆ మాట విన్నాకే నేను కాస్త నిద్రపోయాను.

ఇక వరద సాయం సంగతి. కింద ఇంటికి 25 వేలు, పై అంతస్తుకి 10 వేలు అని ప్రకటించారు. ప్రభుత్వం లెక్క ఎలా ఉన్నా, మన ఇంటి లెక్క వేరు. ఆటో మెకానిక్ ఇంజను విప్పి ఎంతవుతుందో చెప్పగానే ఆ కాగితం నాకు వాట్సాప్ చేయండి బావగారూ. దీన్ని మీరు చేసినదానికి ఖరీదు అనుకోకండి, దానికి ఖరీదు కట్టే తాహతు నాకు లేదు. అమ్మ కోసం ఆగినందుకు మునిగిన బండి అది, కాబట్టి దాని బాగు ఖర్చు మాది. బండి రోడ్డెక్కేదాకా అద్దె మాట ఎత్తొద్దని అమ్మ మరీ మరీ చెప్పమంది. తను చెబితే మీరు వినరని నా చేత రాయిస్తోంది.

బాబు పుస్తకాలు కింద అమ్మ దగ్గర చదువుకోవడానికి పెట్టినవి తడిసిపోయాయి కదా. ఏ తరగతివి, ఏవేవి కావాలో రాసి పంపు చెల్లెమ్మా, దసరాకి వచ్చేటప్పుడు తెస్తాను. కొత్త మోటారు కూడా అప్పుడే బిగించాలి. స్టార్టరు ఈసారి పైన, మీ గుమ్మం పక్కన పెట్టించమంది అమ్మ. ఎప్పుడు వేయాలో ఇక మీ ఇష్టమేనట.

మీ అన్నయ్య