నాలుగో గడి

గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ఖోఖో సెలెక్షన్లు. ఒక మూల టేబుల్ వేసి ఆధార్ జిరాక్సులు, స్టడీ సర్టిఫికెట్లు చూస్తున్నారు. నాగమణి కాగితాల కవర్ వాళ్ళ నాన్న చేతిలో ఉంది. కోటయ్య మిర్చి యార్డులో హమాలీ. ఏళ్ల తరబడి రోజూ గుంటూరు వస్తున్నాడు గానీ స్టేడియంలోకి అడుగుపెట్టడం ఇదే మొదలు. ఉతికిన చొక్కాయే వేసుకున్నా మిర్చి ఘాటు పోలేదు. వరసలో ముందున్న అమ్మాయి వరసగా తుమ్మింది. కోటయ్య గబుక్కున వెనక్కి జరిగాడు. నాగమణి అతని చెయ్యి పట్టుకుని మళ్ళీ తన పక్కకి లాక్కుంది.

34వ నంబర్ ఇచ్చారు. మిగతా అమ్మాయిలు వాళ్ళ వాళ్ళ జిల్లాల పేర్లున్న ట్రాక్ సూట్లలో గుంపులుగా నిలబడి నవ్వుకుంటున్నారు. వాళ్ళ ఊరి నుంచి వచ్చింది తనొక్కతే. పీఈటీ సారుకి పరీక్షల డ్యూటీ పడింది. పొద్దున ఫోన్‌లో "నువ్వు కూర్చున్నప్పుడు కంగారు పడకు, లేచాక నీకు తిరుగులేదు" అన్నాడు.

ఆ కూర్చోవడమే ఇక్కడ అసలు పరీక్ష. చూసేవాళ్ళకి ఖోఖో అంటే పరుగు. ఆడేవాళ్ళకి మాత్రం సగం ఆట గడిలో కూర్చునే ఉంటుంది. ఎనిమిది మంది, ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి, ఏ క్షణాన వీపు మీద చెయ్యి పడుతుందా అని ఎదురుచూడాలి. ఊళ్ళో అయితే నాగమణికి ఆ కష్టం లేదు. సునీత అడుగు బరువుగా పడుతుంది. రజియా ఖో చెప్పే ముందు గట్టిగా ఊపిరి పీలుస్తుంది. చూడకుండానే ఎవరొస్తున్నారో తెలిసిపోయేది. ఇక్కడ అన్నీ తెలియని అడుగులే.

సెలెక్టర్లు జిల్లాలన్నీ కలిపేసి జట్లు చేశారు. నాగమణికి నాలుగో గడి వచ్చింది. విజిల్ వేశారు. అరచేతులు చెమటతో తడిసి మట్టి అంటుకుంటోంది. వెనక అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఎవరో వంగినట్టు అనిపించింది, అంతే, లేచేసింది.

విజిల్! ఫౌల్.

చెయ్యి పడలేదు. "ఖో" అని వినపడనూ లేదు. తప్పించుకు తిరిగే రన్నర్‌ని తికమక పెట్టడానికి, తరుముతున్న చేజర్ ఉత్తినే వంగింది. ఫౌల్ అయ్యేసరికి అందేంత దూరంలో ఉన్న రన్నర్‌ని వదిలేసి వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఎవరో విసుక్కున్నారు. నాగమణికి చెవులు వేడెక్కాయి. టేబుల్ వైపు చూడలేకపోయింది.

ఆ చేజర్ 11వ నంబర్ అమ్మాయి. రెండో గడిలో ఉన్నమ్మాయికి ఖో చెప్పి, ఆమె గడిలో కూర్చుంటూ, "నాలుగూ, ఈసారి గట్టిగా కొడతాలే, అప్పుడు లే" అంది. కోపంగా కాదు, మామూలుగా.

మరి కాసేపటికి మళ్ళీ ఆ అడుగులు. నాగమణి కదల్లేదు. వీపు మీద చెళ్ళుమని పడింది. "ఖో!"

లేచింది. పోల్ వైపు భుజం తిప్పింది. ఇక అటే పోవాలి. పొడుగాటి రన్నర్ పోల్ చుట్టూ తిరగబోతోంది. స్కూల్లో పోల్ అంటే పెద్ద క్లాసు పిల్లలు పాతిన సరుగుడు కర్ర. దాని మీద బరువంతా వేస్తే ఊగిపోతుంది. అందుకే ఎప్పుడూ సగం బరువుతోనే వంగేది, చెయ్యి జానెడు దూరంలో ఆగిపోయేది. 2025 జనవరిలో ఢిల్లీలో మన అమ్మాయిలు నేపాల్‌ని 78-40తో ఓడించిన వరల్డ్ కప్ ఫైనల్‌ని పీఈటీ సారు ఫోన్‌లో చూశాక, అలాంటి పోల్ ఒక్కటి దొరికితే చాలని ఎంత అనుకుందో!

పట్టుకుంది. ఊగలేదు. ఒళ్ళంతా గాల్లోకి వదిలేసింది. వేళ్ళు రన్నర్ నడుముకి తగిలాయి.

అవుట్!

టర్న్ అయ్యాక ఒక సెలెక్టర్ మేడమ్ పిలిచింది. "34, 11, 27. చేజింగ్ చూశాం. మధ్యాహ్నం డిఫెన్స్. మొదటి బ్యాచ్‌లో మీ ముగ్గురూ దిగాలి."

కోటయ్య గేటు దగ్గర నించునే ఉన్నాడు. "ఎంపికయ్యావా అమ్మా?"

"ఇంకా లేదు నాన్నా. మధ్యాహ్నం మళ్ళీ ఆడాలి. నువ్వు యార్డుకెళ్ళు, కూలి పోద్ది."

"మేస్త్రీకి ఫోన్ చేసి చెప్పేశాలే. ముందు నాలుగు ఇడ్లీలు తిను. కడుపు నిండా తినమాక, పరిగెత్తాలిగా."

నాగమణి రెండు తిని, పొట్లం నాన్న చేతిలో పెట్టి, 11వ నంబర్ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

"డిఫెన్స్‌లో నువ్వు కూర్చున్నవాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ చెయిన్ ఆడతావా, గుండ్రంగా తిరుగుతూ రింగా? నేనైతే మొదట చెయిన్‌లో దిగుతా."