చిత్తూరు లేత్ వర్క్‌షాప్‌కు 10 లక్షల రుణం: బ్రాంచి మేనేజర్ గారికి వివరణ, జనవరి 2026

మేనేజర్ గారికి, ఫీల్డ్ ఆఫీసర్ గారికి నమస్కారం.

ముందు నేను అడుగుతున్నది చెప్పేస్తాను. మురకంబట్టులో మేము నడుపుతున్న లేత్ వర్క్‌షాప్‌కు ముద్ర తరుణ్ కింద 10 లక్షలు కావాలి. అందులో 8,50,000 మెషిన్లకు టర్మ్ లోన్, 1,50,000 క్యాష్ క్రెడిట్. నా వాటా 4 లక్షలు. అందులో రెండున్నర లక్షలు మీ దగ్గరే ఎఫ్‌డీగా ఉంది, మిగతాది కరెంట్ అకౌంట్లో ఉంది. 2020లో ఇదే బ్రాంచిలో తీసుకున్న 3 లక్షల ముద్ర లోన్ 2024లో పూర్తిగా తీరిపోయింది. ఆ స్టేట్‌మెంట్ ఫైల్లో మొదటి కాగితంగా పెట్టాను.

ఈ మెషిన్లు ఎందుకు

మా పనిలో దాదాపు 45 శాతం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలది. గుడిపాల, బంగారుపాళ్యం, తవణంపల్లె వైపు నుంచి వస్తుంది. మిగిలింది బెల్లం గానుగల రోలర్లు, బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టర్ పనులు. మామిడి పని మార్చి నుంచి జులై దాకా, గానుగ పని చలికాలంలో. అందుకే షెడ్డు ఏడాదిలో ఏ నెలా మూతపడదు.

ఇబ్బంది ఎక్కడంటే, మా లేత్‌ది ఆరడుగుల బెడ్. రెండు సెంటర్ల మధ్య మూడున్నర అడుగులకు మించి పట్టదు. కాయ నుంచి గుజ్జు తీసే పెద్ద పల్పర్ మెషిన్ షాఫ్ట్ ఐదున్నర అడుగులు ఉంటుంది. బేరింగ్ కూర్చునే చోట అరిగిపోతే అక్కడ వెల్డింగ్‌తో నింపి, మళ్లీ నూరోవంతు మిల్లీమీటరు తేడాతో సైజుకు తేవాలి. పని మాకు చేతనవును, షాఫ్టే మెషిన్‌లో పట్టదు. దాన్ని చెన్నై అంబత్తూరుకు పంపితే తిరిగొచ్చేసరికి మూడు రోజులు. ఈలోపు ఫ్యాక్టరీ గేటు ముందు తోతాపురి లోడు లారీలు నిలిచిపోతాయి, కాయ మెత్తబడుతుంది. ఆ మూడు రోజుల నష్టం ముందు మేం తీసుకునే కూలి ఫ్యాక్టరీవాళ్లకు లెక్కలోకే రాదు. దగ్గర్లో చేసిపెట్టేవాళ్లుంటే చాలంటారు.

పట్టక వెనక్కి పంపిన పనులన్నీ ఒక రిజిస్టర్‌లో రాసి ఉంచాను. 2024-25లో వాటి విలువ 8,20,000. ఇవికాక కీవేలు, గేర్ పళ్లు కోయించడానికి బయట మిల్లింగ్‌కు ఇచ్చింది ఏడాదికి 1,30,000. రిజిస్టర్ తెచ్చాను, తిప్పి చూడండి.

డబ్బు ఎక్కడ పెడతాను

పది అడుగుల ఆల్ గేర్డ్ లేత్: 6,20,000
మిల్లింగ్ మెషిన్: 4,80,000
టిగ్ వెల్డింగ్ సెట్: 70,000
ఫౌండేషన్, వైరింగ్, అదనపు కరెంటు లోడు: 80,000
మొత్తం: 12,50,000

ధరలన్నీ జీఎస్టీతో కలిపినవి. కొటేషన్లు జతచేశాను. మెషిన్ల మీద కట్టే జీఎస్టీ తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుబాటు అవుతుంది కానీ, దాన్ని నా లెక్కలో కలపలేదు. లోన్ డబ్బు నా చేతికి ఇవ్వక్కర్లేదు, సప్లయర్ ఖాతాకే నేరుగా పంపండి.

ఇప్పటి లెక్క

అమ్మకాలు 2022-23లో 17.2 లక్షలు, 2023-24లో 19.6 లక్షలు, 2024-25లో 22.4 లక్షలు. ఈ ఏడాది డిసెంబరు దాకా 16.8 లక్షలు. జీఎస్టీ రిటర్నుల్లో ఉన్న అంకెలే ఇవి. చేతికి నగదుగా వచ్చి బిల్లు లేకుండా పోయిన పని ఏదీ వీటిలో కలపలేదు.

2024-25 ఖర్చులు: మెటీరియల్, బయటి మిల్లింగ్ కలిపి 7,60,000. జీతాలు 5,40,000. షెడ్డు అద్దె 1,20,000. కరెంటు 96,000. టూల్ బిట్లు, రవాణా, ఇతరాలు 1,14,000. ఇవి పోగా మిగిలింది 6,10,000. ఇంటి ఖర్చుకు నెలకు 25,000 చొప్పున 3 లక్షలు తీస్తే 3,10,000 నిలుస్తుంది.

మెషిన్లు వచ్చాక

వెనక్కి పోయిన 8,20,000 పనిలో సగమే వస్తుందని పెట్టుకున్నాను, అంటే 4,10,000. దానిలో మెటీరియల్‌కు 1,40,000, కరెంటుకు 48,000 పోతే 2,22,000. బయటి మిల్లింగ్ మిగులు 1,30,000. కొత్త హెల్పర్ జీతం 1,20,000 తీసేస్తే అదనంగా 2,32,000. పాతదానితో కలిపి ఏడాదికి 5,42,000.

మీరు చెప్పిన 11 శాతం వడ్డీకి, 60 నెలలకు ఈఎంఐ 18,481. ఏడాదికి 2,21,772. క్యాష్ క్రెడిట్ మొత్తం ఏడాది పొడవునా వాడినా వడ్డీ 16,500. రెండూ కలిపి 2,38,272. అంటే బ్యాంకుకు రూపాయి కట్టాల్సిన చోట ఇంటి ఖర్చు పోను నా దగ్గర 2 రూపాయల 27 పైసలు ఉంటుంది. వడ్డీ ఒక శాతం పెరిగితే ఈఎంఐ 18,908 అవుతుంది. ఆ తేడా భరించగలను.

మామిడి దెబ్బతింటే

మీరు అడగబోయే ప్రశ్న ఇదేనని నాకు తెలుసు. 2025లో తోతాపురి ధర పడిపోయి రైతుకు ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడాది మా రిపేరు పని తగ్గలేదు, ఎందుకంటే కాయ ధర ఎంతైనా మెషిన్ తిరగాలి. ఇబ్బంది వచ్చింది బిల్లుల దగ్గర. డిసెంబరు చివరికి రావాల్సింది 2,90,000, అందులో 1,10,000 మూడు నెలలు దాటింది. క్యాష్ క్రెడిట్ అడగడానికి కారణం ఇదే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి బిల్లు మీద ఆ నంబరు వేస్తున్నాను. చిన్న యూనిట్లకు 45 రోజులు దాటిన బాకీని మార్చి చివరికి కూడా తీర్చకపోతే, ఆ ఏడాది ఆ ఖర్చు ఆదాయపు పన్నులో చూపించుకోలేరని ఫ్యాక్టరీల అకౌంటెంట్లకు తెలుసు.

అయినా గట్టి దెబ్బ ఒకటి లెక్కేశాను. మామిడి పని మూడో వంతు పడిపోతే మెటీరియల్ ఖర్చు పోను 2,22,000, కొత్త పని కూడా అనుకున్నదాంట్లో సగమే వస్తే ఇంకో 1,11,000 తగ్గి, 5,42,000లో నా దగ్గర మిగిలేది 2,09,000. కట్టాల్సింది 2,38,272. సుమారు 29,000 తక్కువ పడుతుంది. అందుకే 4 లక్షల వాటా కాక 60,000 ఎఫ్‌డీ విడిగా వేసి, లోన్ తీరేదాకా మీ లీన్ కింద ఉంచుతాను. అది మూడు ఈఎంఐలకు సరిపోతుంది. దాన్ని ముట్టుకోవాల్సి వస్తే, ఆ ఏడాది గానుగ సీజన్ డబ్బుతో మళ్లీ నింపుతాను.

తిరిగి కట్టే పద్ధతి

మార్చి మొదటి వారంలో లోన్ విడుదలైతే నెలాఖరుకు మెషిన్లు బిగించి, ఏప్రిల్లో ఫ్యాక్టరీల మెయింటెనెన్స్ పనికి అందుకుంటాం. ఆ బిల్లులు చేతికి వచ్చేసరికి ఆగస్టు. కాబట్టి మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు వడ్డీ మాత్రమే, నెలకు 7,792 కడతాను. సెప్టెంబరు నుంచి 60 ఈఎంఐలు, ప్రతి నెల 10వ తేదీన కరెంట్ అకౌంట్ నుంచి ఆటో డెబిట్. క్యాష్ క్రెడిట్ ఏటా అక్టోబరులో పూర్తిగా సున్నాకు తెస్తాను. మెషిన్లు మీకు హైపోథెకేషన్, ఇన్సూరెన్స్ బ్యాంకు పేరు మీద చేయిస్తాను.

మార్చి దాటితే ఈ సీజన్ పోతుంది, మళ్లీ ఏడాది ఆగాలి. అందుకే ఫిబ్రవరి 20 లోగా నిర్ణయం చెప్పమని కోరుతున్నాను. కావాలంటే ఫీల్డ్ ఆఫీసర్ గారు ఈ వారంలోనే రావచ్చు. ఇప్పుడు గానుగ రోలర్ల పని జరుగుతోంది, షెడ్డులో మనుషుల్ని, మెషిన్‌ని పనిలోనే చూడొచ్చు. ఐటీ రిటర్నులు, జీఎస్టీ, అద్దె ఒప్పందం, రెండు ఫ్యాక్టరీల వాళ్లు ఇచ్చిన పని ఆర్డర్లు ఫైల్లో వరసగా ఉన్నాయి. ఏ అంకె గురించైనా ఇప్పుడే అడగండి, దాని బిల్లు తీసి చూపిస్తాను.