విషయం: టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ 15 రోజులు ఆలస్యం – గురువారం (జూలై 24) సాయంత్రం 6 గంటలలోపు సరిచేయాలని విజ్ఞప్తి

రమేశ్ గారూ,

నమస్తే. కరెంటు బిల్లుల చెల్లింపు యాప్ కోసం మీరు జూలై 7న అప్పగించాల్సిన టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ ఈ రోజు, 22వ తేదీకి కూడా పని చేసే స్థితిలో లేదు. లాగిన్, బిల్లు చూడటం వరకు బాగానే ఉన్నాయి. డబ్బు కట్టే దగ్గరే ఆగిపోతోంది. పేమెంట్ సర్వీస్‌ను పిలిచిన ప్రతిసారీ ఇదే వస్తోంది:

```
HTTP 504 Gateway Timeout
```

అంటే మా రిక్వెస్ట్ మీ గేట్‌వే దాకా చేరుతోంది, దాని వెనకున్న సర్వర్ నుంచి సమయానికి జవాబు రావడం లేదు. మా స్క్రిప్టుల్లో తప్పుందేమోనని మీ టీమ్ అడిగింది. స్క్రిప్టులు పక్కన పెట్టి బ్రౌజర్‌లో చేత్తో చేసినా ఫలితం మారలేదు. ఆ లాగ్‌లు, స్క్రీన్‌షాట్లు సోమవారమే పంపాను. పేమెంట్ శాండ్‌బాక్స్ వైపు మీ కొత్త సర్వర్ ఐపీని అనుమతించారో లేదో ముందు చూడమని నా మనవి. సర్వర్ మార్చిన రోజు నుంచే ఈ ఇబ్బంది మొదలైంది.

ఇక టెస్ట్ డేటా. పేర్లు, ఫోన్ నంబర్లు మాస్క్ చేసిన 500 కస్టమర్ రికార్డులు అడిగాం, 40 వచ్చాయి. వాటిలో పాత బకాయి ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. బకాయి మీద అపరాధ రుసుము లెక్క తప్పితే జనం జేబులోంచే డబ్బు పోతుంది. ఆ కేసులు చూడకుండా నేను సైన్ ఆఫ్ ఇవ్వలేను.

మొత్తం 420 టెస్ట్ కేసుల్లో 96 మాత్రమే పూర్తయ్యాయి. పోయిన శనివారం, ఎన్విరాన్‌మెంట్ సిద్ధమవుతుందని మీరు చెప్పిన మాట మీద, మా వాళ్లు నలుగురు సెలవు మానుకుని ఆఫీసుకు వచ్చారు. ఒకమ్మాయి వరంగల్ నుంచి తెల్లవారుజామున బయల్దేరింది. సాయంత్రం దాకా ఎదురుచూసి వెళ్లిపోయారు. ఇది నాకు చాలా బాధ కలిగించింది. కుదరదని ముందురోజు ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది.

గురువారం సాయంత్రం 6 గంటలకల్లా పేమెంట్ కనెక్షన్, పూర్తి డేటా రెండూ సిద్ధం చేయండి. అప్పగించే ముందు మీ వైపే ఒక బిల్లు కట్టి, ఒక రీఫండ్ చేసి, ఆ ఫలితాలు పంపండి. సగం పని చేసే ఎన్విరాన్‌మెంట్‌ను ఈసారి తీసుకోలేం. సమస్య తేలేదాకా రోజూ ఉదయం 10 గంటలకు పదిహేను నిమిషాల కాల్ పెడుతున్నాను. నిర్ణయం తీసుకోగల ఇంజినీరు ఒకరు అందులో ఉండాలి.

ఆగస్టు 18 గో-లైవ్ తేదీ ఇప్పటికే ఇరుకున పడింది. గురువారం కూడా దాటితే, ఒప్పందంలోని ఆలస్యం నిబంధన ప్రకారం విషయాన్ని శుక్రవారం స్టీరింగ్ కమిటీ ముందు పెట్టి, తేదీ వాయిదాకు కారణం ఎన్విరాన్‌మెంటేనని నమోదు చేయిస్తాను. అంతదాకా రాకూడదనే కోరుకుంటున్నాను. గత రెండు రిలీజుల్లో మీ టీమ్ రాత్రి పొద్దుపోయేదాకా మాతో కూర్చుని పని చేసింది, అది మర్చిపోలేదు. మా వైపు నుంచి లాగ్‌లు, యాక్సెస్, మనుషులు ఏం కావాలన్నా అడగండి, వెంటనే ఇస్తాం.

రేపు మధ్యాహ్నం 12 గంటలలోపు, ఏ పని ఎప్పటికి పూర్తవుతుందో రాసి జవాబివ్వగలరు.

ఇట్లు,
సునీత
టెస్ట్ లీడ్, బిల్లు చెల్లింపుల ప్రాజెక్ట్, హైదరాబాద్