బుధవారం, 9వ తేదీ: ఉదయం 11.10 నుంచి మన పీహెచ్‌సీ మారిన ప్రోగ్రాం

అందరికీ నమస్కారం. విజయనగరం ఘోష ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. మన దగ్గర పొద్దున్న ప్రసవించిన అమ్మాయికి రక్తం ఎక్కిస్తున్నారు, బీపీ పుంజుకుంది, బిడ్డ బాగానే ఉంది. ఇక్కడి డాక్టర్లకు అంతా అప్పగించి నేనూ, నాతో వచ్చిన సిస్టరూ బయలుదేరతాం. 108 మనల్ని వెనక్కి దింపదు కాబట్టి బస్సులోనో ఆటోలోనో గజపతినగరం మీదుగా వచ్చేసరికి 1.30 అవుతుంది. 2 అనుకుని పని సర్దుకోండి.

నిన్న సాయంత్రం బోర్డు మీద రాసిన ప్రోగ్రాం ఇక చూడొద్దు, తుడిచేయండి. అందులో సగం పనులు ఈరోజు జరగవు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఒక్కటే చూసి పెట్టాను: టైము ఇప్పటికే మొదలైపోయిన పని ముందు. రేపు చేసినా ఎవరికీ నష్టం లేనిది రేపటికి.

మొదట లేబర్ రూం. ఫార్మసిస్టు గారూ, ఇది చదవగానే ఎమర్జెన్సీ ట్రే నింపండి. ఆక్సిటోసిన్, ట్రానెగ్జామిక్ యాసిడ్, సెలైన్లు, కాన్యులాలు, ఫోలీ, గ్లవ్స్ అన్నీ పొద్దున్న వాడేశాం. బయట ముప్ఫై మంది గర్భిణులు కూర్చున్న రోజున ఖాళీ ట్రే ఉండకూడదు. ఆక్సిటోసిన్ లేబర్ రూం ఫ్రిజ్‌లోనే పెట్టండి, టీకాల ఐఎల్‌ఆర్‌లో వద్దు. తక్కువ పడినవి రాసి గజపతినగరం నుంచి తెప్పించండి. నేను వచ్చేలోపు నొప్పులతో ఎవరైనా వస్తే, కాన్పు ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టుంటే తప్ప చేర్చుకోవద్దు. సిస్టర్ చూసి, 108లో గజపతినగరం పంపించేయాలి.

ల్యాబ్ టెక్నీషియన్ గారూ, మీ దగ్గర గ్లూకోజు తాగినవాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. మొదటి ఆమెకి రెండు గంటలు 11.20కి నిండుతాయి. మిగతా పనులు పక్కన పెట్టి, రిజిస్టరులో రాసిన టైముకి ఒక్కొక్కరి శాంపిల్ తీయండి. ఆలస్యమైతే రీడింగు పనికిరాదు, అంత తీపి నీళ్లు ఇంకో రోజు మళ్లీ తాగించాలి. 140, ఆపైన వచ్చినవాళ్లని ఇంటికి పంపొద్దు, నేను మాట్లాడాలి. కొత్తగా ఎవరికీ ఈరోజు గ్లూకోజు ఇవ్వకండి. హిమోగ్లోబిన్, మూత్ర పరీక్ష మాత్రం వచ్చిన అందరికీ చేయండి.

పీఎంఎస్‌ఎంఏ లిస్టులో 42 మంది ఉంటే 33 మంది వచ్చారని సూపర్‌వైజర్ గారు చెప్పారు. వాళ్లందరినీ నేను చూడలేను, చూసినా అది చూసినట్టు కాదు. అందుకని కార్డు మీద ఎర్ర స్టిక్కరు ఉన్న 11 మందిని మాత్రమే ఉంచండి. 2 నుంచి వాళ్లని చూస్తాను. మిగతా 22 మందికి డ్యూటీలో ఉన్న సిస్టర్, ఏఎన్‌ఎంలు కలిసి బరువు, బీపీ, పొట్ట కొలత, బిడ్డ గుండె చప్పుడు చూసి, మాత్రలు ఇచ్చి పంపేయండి. వీళ్లని శుక్రవారం 10 గంటలకి నేను చూస్తాను, కార్డు మీద ఆ తేదీ రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే రారు. పంపేవాళ్లలో ఎవరికైనా ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆపేయండి: బీపీ 140/90 కానీ ఆపైన కానీ ఉండటం, హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువ ఉండటం, బిడ్డ కదలిక తగ్గిందని ఆమె చెప్పడం. మూడోది మిషను చెప్పదు, మీరే అడగాలి. బీపీ 160/110 దాటితే నా కోసం చూడకుండా ఫోన్ చేసి 108 పిలవండి.

ఎర్ర స్టిక్కరు వాళ్లలో కొండకింద ఊర్ల నుంచి వచ్చినవాళ్లు "బస్సు ఎల్లిపోతాది, మేం ఎల్తాం" అంటారు. అనడం న్యాయమే. వాళ్ల ఊరి ఆశాలు ఇంటికి ఫోన్ చేసి, సాయంత్రం ఆటోలో దింపుతామని అత్తగారితోనో భర్తతోనో మాట్లాడాలి. ఆటో ఖర్చు సంగతి సూపర్‌వైజర్ గారూ నేనూ చూసుకుంటాం. అందరికీ ఇడ్లీ తెప్పించండి, బిల్లు నా పేరున రాయించండి. గ్లూకోజు తాగినవాళ్లకి శాంపిల్ అయ్యాకే పెట్టాలి.

ఐరన్ సుక్రోజ్ ఎక్కించాల్సిన ఇద్దరికి ఈరోజు వద్దు. డాక్టరు లేకుండా మొదలుపెట్టొద్దు. మధ్యాహ్నం నేనొచ్చినా పక్కన నిలబడే తీరిక ఉండదు. ఇద్దరూ శుక్రవారం పొద్దున్నే, అందరికన్నా ముందు.

టీకాలు ఆగవు. ఎంఆర్ వయల్ 10.15కి కలిపారు కదా, 2.15కి పారేయాలి. వయల్ మీద టైము రాసి ఉందో లేదో ఇప్పుడే ఒకసారి చూడండి. డ్యూ లిస్టులో రాని పిల్లల ఇళ్లకి ఆశాలు ఇప్పుడే ఫోన్లు చేస్తే ఆ టైములోపే చాలామంది అయిపోతారు. 2.15 తర్వాత ఒక్క బిడ్డ వచ్చినా వెనక్కి పంపొద్దు, కొత్త వయల్ తెరవండి. మందు వృథా గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను. టీకా వేసిన ప్రతి బిడ్డనీ అరగంట కూర్చోబెట్టాలి. గర్భిణులతో వరండా నిండిపోయింది కాబట్టి పిల్లల తల్లులకి మీటింగు హాలు తెరవండి, ఏఈఎఫ్‌ఐ కిట్ అక్కడే పెట్టండి.

104లో వెళ్లిన డాక్టరు గారికి: అక్కడ ఓపీ మధ్యలో వదిలి రావద్దు సార్, జనం పొద్దున్నుంచీ కూర్చుని ఉంటారు. 1 గంటకి ఓపీ ముగిసాక ఇళ్ల విజిట్లు మానేసి నేరుగా పీహెచ్‌సీకి వచ్చేయండి. నేను దారిలో ఇరుక్కున్నా ఎర్ర స్టిక్కర్లు మీరు మొదలుపెట్టొచ్చు. కాలి పుండుకి కట్టు మార్చాల్సిన పెద్దాయన ఒక్కరి దగ్గరికి మాత్రం ఎంఎల్‌హెచ్‌పీని పంపండి. ఆ కట్టు రేపటికి ఆగదు.

మన దగ్గర ఓపీ: జ్వరం వచ్చిన ప్రతి ఒక్కరికీ మలేరియా పరీక్ష చేయండి, వానలు పడుతున్నాయి. బీపీ, షుగరు మందుల కోసం వచ్చినవాళ్లకి పాత చీటీ చూసి పది రోజులకి ఇచ్చేయండి.

రద్దయినవి: 2 గంటల ఆశా మీటింగు (గురువారం 11 గంటలకి), స్కూలు విజిట్ (హెడ్మాస్టరు గారికి సూపర్‌వైజర్ గారు ఫోన్ చేయాలి), స్టోరు లెక్క (వచ్చే సోమవారం). 4 గంటల వీడియో కాన్ఫరెన్సులో సూపర్‌వైజర్ గారు కూర్చోండి. ఎందుకు తక్కువ మందిని చూశామని అడిగితే పీపీహెచ్ కేసు అని చెప్పండి, సాగదీయొద్దు. ఆన్‌లైన్ ఎంట్రీలు ఈరోజు ఎవరూ ముట్టుకోవద్దు, రిజిస్టర్లు సరిగ్గా రాయండి. ఆ సర్వరు సంగతి తెలిసిందే, పొద్దున్నయితే త్వరగా అవుతుంది.

ఇంకొకటి. ప్రసవించిన అమ్మాయి పెద్దకూతురు, మూడేళ్ల గుంట, అక్కడే ఆశా ఒళ్లో ఉంది. హడావిడిలో నాయనమ్మ అంబులెన్సు ఎక్కేసింది. తండ్రి చెన్నైలో పనిలో ఉన్నాడు, రేపటికి గానీ రాలేడు. మేనమామ 12కి వస్తానన్నాడు. ఆయన వచ్చాక, మనిషిని ఫోన్‌లో నాయనమ్మకి చూపించి, ఆవిడ సరే అన్నాకే పిల్లని ఇవ్వండి.

నాతో ఉన్న సిస్టర్ రాత్రి డ్యూటీ నుంచీ నిలబడే ఉంది. తను ఇటునుంచి ఇటే ఇంటికి వెళ్తుంది, మధ్యాహ్నం తన పేరు ఎక్కడా వేయొద్దు. ఈ రాత్రి డ్యూటీకి రేపటి సిస్టర్ ఒప్పుకుంది.

ఎవరి పని వాళ్లు చదివి, గ్రూపులో "చూశాను" అని పెట్టండి. నా ఫోనులో చార్జింగ్ తక్కువగా ఉంది, మామూలు విషయాలు మెసేజ్ చేయండి. బీపీ, రక్తస్రావం, టీకా రియాక్షన్ అయితే వెంటనే కాల్ చేయండి.