రెండూ పదికి రాని అలర్ట్

రాత్రి రెండూ పదికి ఆ అలర్ట్ రావాలి. ఐదు నెలలుగా ఒక్క రాత్రి కూడా తప్పలేదు. కోస్తాలోని ఓ సహకార బ్యాంకు బ్యాకప్ సర్వర్‌లో ఎవరో ఎప్పుడో పెట్టి మరిచిపోయిన స్క్రిప్టు ఒకటి, మార్చేసిన పాస్‌వర్డ్‌తో లాగిన్ కాబోయి మూడుసార్లు దెబ్బతిని ఊరుకుంటుంది. స్క్రీన్ మీద మూడు `4625`లు పడతాయి. షిఫ్టులో ఎవరుంటే వాళ్లు 'తెలిసినదే, క్లయింట్ దగ్గర పెండింగ్' అని రాసి మూసేస్తారు. ఆ మూసేయడం ఎంత అలవాటైందంటే, ఫణి దాన్ని టీ టైముకు గుర్తుగా వాడుకుంటాడు.

"రెండుంబావు అయింది, టీకి పోదాం రా," అన్నాడు ఫణి, హెడ్‌సెట్ తీస్తూ. "ఈ రోజు నీ చుట్టం రాలేదేంటి?"

"అదే చూస్తున్న," అంది లావణ్య.

"రాకపోతే సంతోషించాలి గానీ చూస్తావేంటే? వాళ్లు సరిచేసుకుని ఉంటారు. ఎన్ని మెయిళ్లు పెట్టాం!"

నిజమే, పెట్టారు. ప్రతి నెలా రిపోర్టులో మొదటి లైను అదే. బ్యాంకు వాళ్లు ప్రతి నెలా 'చూస్తాం' అంటారు. గచ్చిబౌలిలో ఆరో అంతస్తులో కూర్చుని ఎవరి సర్వర్లకో కాపలా కాసే వాళ్లకు క్లయింట్ మాట విన్నాడంటే పండగే. కానీ ఇది శనివారం రాత్రి, అదీ రెండో శనివారం. నెలల తరబడి పట్టించుకోని మనిషి బ్యాంకుకి సెలవున్న రోజు కూర్చుని పాత స్క్రిప్టు సరిచేస్తాడా?

ఫణి కిందికి వెళ్లాడు. లావణ్య ముందు తేలికైన అనుమానం తీర్చుకుంది. సర్వర్ నుంచి లాగ్స్ ఆగిపోయాయేమోనని చూసింది. ఆగలేదు, నిమిషానికో లైను చొప్పున వస్తూనే ఉన్నాయి. పాస్‌వర్డ్ సరిచేసి ఉంటే రెండూ పదికి లాగిన్ సఫలమైనట్టు కనపడాలి. అదీ లేదు. అసలు ప్రయత్నమే జరగలేదు. అంటే స్క్రిప్టును నడిపే టాస్కునే ఎవరో ఆపారు.

```
index=win host=BKP02 EventCode=4701 Task_Name="*DailyDump_old" earliest=-6h
```

ఒకే ఒక్క లైను వచ్చింది. టాస్కును ఆపింది రాత్రి 23:43కి, `adm_prasad` పేరు మీద. ప్రసాద్ గారు ఆ బ్యాంకు ఐటీ మేనేజర్. అక్కడితో కథ ముగిసినట్టే. ఆయనే చివరికి విసుగొచ్చి, సరిచేసే బదులు ఆపేసి ఉంటాడు. టికెట్‌లో 'క్లయింట్ పరిష్కరించారు' అని టైపు చేయడం మొదలుపెట్టింది కూడా. 'పరిష్క' దాకా వచ్చి, ఆ టాస్కు పేరూ ఈవెంట్ నంబరూ తీసేసి, `adm_prasad` పేరుతో మళ్లీ వెతికింది.

```
23:41:08  4624  Type 10  adm_prasad  10.14.22.37
23:43:30  4701  \CBS_Full
23:43:41  4701  \CBS_Log
23:43:52  4701  \DailyDump_old
```

`CBS_Full`, `CBS_Log` పాతవి కావు. బ్యాంకు ఖాతాల లెక్కలన్నీ ఉండే డేటాబేస్‌కు రోజూ తీసే అసలు బ్యాకప్‌లు అవి. తెల్లవారుజామున నాలుగింటికి నడవాలి. ఈ రోజు నడవవు. నడవలేదని ఎవరికీ తెలియదు కూడా, ఎందుకంటే ఆపేసిన పని విఫలం కాదు, విఫలం కానిదానికి అలర్ట్ రాదు. రోజూ విఫలమయ్యే పనికిరాని స్క్రిప్టును కూడా ఊడ్చిపారేశారు కాబట్టే ఇది బయటపడింది. ఆ ఒక్కదాన్నీ వదిలేసి ఉంటే రెండూ పదికి మూడు `4625`లు వచ్చేవి, తను మూసేసేది, టీకి వెళ్లేది.

కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగే ముఠాలు ముందుగా వెతికేది బ్యాకప్‌ల కోసమే. అది ట్రైనింగ్ మొదటి వారంలోనే చెప్తారు. కానీ ట్రైనింగ్‌లో చూపించే దాడుల్లో ఎర్ర రంగులు, పెద్ద పెద్ద ఫైలు పేర్లు ఉంటాయి. ఇక్కడ నాలుగు లైన్లు, అన్నీ నిజమైన పాస్‌వర్డ్‌తో చేసిన పనులు. యాంటీవైరస్ నోరెత్తలేదు. మరో పక్క, ఈ మూడు నెలల్లో కొత్త బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొంటున్నామని బ్యాంకు వాళ్లు పోయిన మీటింగులో చెప్పారు. పాతది ఆపి కొత్తది పెట్టడానికి సెలవు రోజు రాత్రి కన్నా మంచి సమయం ఏముంది?

`10.14.22.37` ఎవరిదో చూసింది. క్లయింట్ ఇచ్చిన జాబితాలో అది ఒక బ్రాంచి కౌంటర్ మీద పీసీ. ప్రసాద్ గారి మిషన్ నంబరు వేరే. రాత్రి పన్నెండు కావస్తుంటే, తాళం వేసిన బ్రాంచిలో, కౌంటర్ దగ్గర కూర్చుని ఐటీ మేనేజర్ పని చేస్తాడా? కానీ ఆ జాబితా పోయినేడాదిది. పీసీలు మారి ఉండొచ్చు, నంబర్లు మారి ఉండొచ్చు. కౌంటర్ పీసీల నుంచి లాగ్స్ రావు, లైసెన్సు ఖర్చని బ్యాంకు వద్దంది. ఇంతకన్నా లోతుకు వెళ్లే దారి లేదు.

ఫణి రెండు కప్పులతో వచ్చి వెనక నిలబడి చదివాడు. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఎస్-3 వేసి మెయిల్ పెట్టెయ్," అన్నాడు చివరికి. "నీ పని నువ్వు చేసినట్టు ఉంటుంది. సోమవారం చూసుకుంటారు."

"సోమవారానికి ఏం మిగులుతదో."

"మిగలకపోతే మెయిల్ ఉంది కదా సాక్ష్యం. ఎస్-1 వేశావనుకో, అర్ధరాత్రి క్లయింట్‌ని లేపాలి. ఆయన 'నేనే చేశాను, కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతున్నాం' అంటాడు. గోడ మీద నా పక్కన నీ పేరు."

గోడ మీద స్క్రీన్‌లో అనవసర ఎస్కలేషన్ల పట్టిక ఒకటి ఉంది. పోయిన నెల ఫణి పేరు రెండుసార్లు ఎక్కింది. ఒకసారి క్లయింట్ వాళ్లే నడుపుతున్న స్కానర్‌ని చూసి దాడి అనుకున్నాడు. రెండోది అంత అన్యాయం కాదు గానీ పట్టికలో అలాంటివి రాయడానికి చోటు లేదు. చూసి కూడా లేపని రాత్రులకు పట్టికే లేదు.

"శ్రీకాంతన్న ప్రింటర్ ముచ్చట యాదికున్నదా?" అంది లావణ్య.

"అమ్మా తల్లీ, ఆ ప్రింటర్ మొదలెట్టకు."

శ్రీకాంత్ ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెప్తాడు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ సెంట్రల్ బ్యాంకులో, డబ్బు బదిలీల కాగితాలు తనంతట తనే ముద్రించే ప్రింటర్ ఒక పొద్దున ఖాళీగా ఉంది. మామూలుగా పాడైందనుకున్నారు. అంతకు ముందు రాత్రే వాళ్ల పేరు మీద న్యూయార్క్‌కి దొంగ ఆదేశాలు వెళ్లిపోయాయి. 8 కోట్ల 10 లక్షల డాలర్లు మనీలా చేరాయి. అప్పుడూ వారాంతమే.

"అన్న ఆ కథ చెప్పేది బంగ్లాదేశ్ గురించి కాదు, ఎస్కలేట్ చేసేవాళ్లను తయారు చేసుకోడానికి," అన్నాడు ఫణి. "తర్వాత పట్టికలో పేరెక్కేది మనది."

లావణ్య శ్రీకాంత్‌కి ఫోన్ చేసింది. నాలుగో రింగుకు ఎత్తాడు. తను చెప్తుంటే మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"మెయిల్ పెట్టినవా?" అన్నాడు అంతా విని.

"లేదన్నా."

"పెట్టకు. ఆ పాస్‌వర్డ్ ఇంకొకని చేతిలో ఉంటే ఆ మెయిల్‌బాక్స్ కూడా వాడే చదువుతుండొచ్చు. చాట్ కూడా వద్దు. ఫోనే. ఎస్కలేషన్ లిస్టుల మొదటి నంబర్ ఎవరిది?"

ఆమె తెరిచి చూసింది. ప్రసాద్ గారిదే.

"అన్నా, ఆయన పేరు మీదనే జరిగింది. ఒకవేళ ఆయనే కావాలని చేసి ఉంటే? రెండో నంబర్ జనరల్ మేనేజర్‌ది."

అవతల మంచం కిర్రుమంది, తర్వాత లాప్‌టాప్ తెరిచిన చప్పుడు.

"ఆలోచించుకో. జీఎంకు చేస్తే ప్రసాద్‌ను దొంగ అన్నట్టే అయితది. ప్రసాద్‌కు చేస్తే, నిజంగ దొంగైతే మనం చూసినమని తెలుస్తది. నీకు ఏది ఎక్కువ నమ్మబుద్ధైతున్నది?"

"కౌంటర్ పీసీ నుంచి వచ్చిన్రు అన్నా. ఆయనే చేయాలనుకుంటే తన మిషన్ల కెళ్లి చేసేటోడు. పాస్‌వర్డ్ పోయిందనే అనిపిస్తున్నది."

"అయితే ఆయనకే చెయ్. నేను లాగిన్ అయితున్న. ఇంకోటి, ఎస్-1 నా పేరు మీద వెయ్. నా పేరు పట్టికల రాదు."

లావణ్య ఫణి వైపు చూసింది. అతను తల వంచుకుని కప్పులో ఏదో వెతుకుతున్నాడు.

"వద్దన్నా. చూసింది నేను. నా పేరు మీదనే వేస్త."

టికెట్‌లో ఎస్-1 పెట్టి, టైము 02:51 అని రాసింది. ఈ టైముకు ఒక బరువుంది. 2022 నుంచి ఇలాంటివి బయటపడ్డ ఆరు గంటల్లోపు ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. దాడేనని తేలితే ఆ ఆరు గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో రేపు వకీళ్లు వాదించుకుంటారు. అప్పుడు వాళ్ల చేతిలో ఉండే కాగితం ఇదే.

ప్రసాద్ గారి ఫోన్ మోగింది. నిద్రలో ఉన్న గొంతు కోసం సిద్ధపడ్డ లావణ్యకు సన్నాయి వినపడింది.

"హలో! ఎవరండీ? ముహూర్తం మూడూ ఇరవైకండీ, కారు మండపం వెనకాల పెట్టుకోండి!"

"సార్, నేను హైదరాబాద్ నుంచి, మీ సర్వర్ల మానిటరింగ్..."

"ఆ? మా ఇంటి ఆడపడుచు కూతురి పెళ్లమ్మా, ఏమీ వినపడట్లేదు. ఉండు, బయటికొస్తున్నా."

డోలు దూరమైంది. కుక్కలు మొరుగుతున్నాయి.

"ఇప్పుడు చెప్పమ్మా."

"సార్, రాత్రి 11:41కి మీరు బ్యాకప్ సర్వర్‌లో లాగిన్ అయ్యారా?"

"నేనా? సాయంత్రం నుంచి ఇక్కడే కదా. లాప్‌టాప్ ఇంట్లో ఉంది."

"మీ అకౌంట్‌తో ఒక బ్రాంచి కౌంటర్ పీసీ నుంచి లాగిన్ అయి ఎవరో మెయిన్ బ్యాకప్ టాస్కులు ఆపేశారు సార్."

అవతల కాసేపు కుక్కలే వినిపించాయి.

"అంటే..." గొంతు తగ్గింది. "నా పాస్‌వర్డ్ మా ఆఫీసు కుర్రాడి దగ్గర కూడా ఉందమ్మా. నేను లేనప్పుడు అవసరపడుతుందని ఇచ్చా. వాడేమైనా కొత్త సాఫ్ట్‌వేర్ కోసం కెలికాడేమో. వాడిది ఆ బ్రాంచి ఉన్న ఊరే. ఉండు, కనుక్కుని చెప్తాను."

ఫణి స్పీకర్‌లో వింటున్నాడు. చూశావా అన్నట్టు కనుబొమలెగరేశాడు. లావణ్య మ్యూట్ నొక్కింది, మళ్లీ తీసింది.

"సార్, ఆయన్ని కనుక్కోండి. కానీ అది తేలేదాకా ఆగలేం. మీ అకౌంట్ డిసేబుల్ చేసి, బ్యాకప్ సర్వర్‌ని, ఆ కౌంటర్ పీసీని నెట్‌వర్క్ నుంచి విడదీస్తాం."

"వాడే అయితే? పొద్దున్న నన్ను నలుగురూ నవ్వుతారు."

"వాడే అయితే పది నిమిషాల్లో తిరిగి కలుపుతాం సార్."

"కోర్ బ్యాంకింగ్‌కి ఏమైనా అవుతుందా? రేపు ఏటీఎంలు ఆగితే చైర్మన్ గారు నన్ను..."

"దాన్ని ముట్టుకోం. బ్యాకప్ సర్వరూ, ఆ పీసీ, అంతే."

"నువ్వు ఖాయంగా చెప్పగలవా, ఇది దాడేనని?"

"చెప్పలేను సార్."

లోపలి నుంచి ఎవరో 'ప్రసాదన్నయ్యా, జీలకర్ర బెల్లం ఎక్కడ పెట్టారూ' అని కేకేశారు. ఆయన 'వస్తున్నా' అని అరిచి, ఫోన్‌లోకి తిరిగొచ్చాడు.

"సరేనమ్మా, తీసెయ్యండి."

"ఈ కాల్ రికార్డవుతోంది సార్. మీ పేరు, హోదా చెప్పి, ఒప్పుకుంటున్నానని ఒక్కసారి అనండి."

ఆయన పేరు చెప్పాడు, హోదా చెప్పాడు, ఒప్పుకుంటున్నానన్నాడు. ఆ తర్వాత, "నీ పేరేంటమ్మా?" అని అడిగి, కాగితం కోసం ఎవరినో పిలిచాడు.