రాత్రివేళ వచ్చే విచారణలకు మా లాడ్జి పంపే జవాబులు, భద్రాచలం

రాత్రి డ్యూటీలో ఉండేవారికి ముందుగా ఒక మాట. ఈ జవాబులన్నీ రిసెప్షన్ ఫోనులోని వాట్సాప్ బిజినెస్‌లో ఎక్కించి ఉన్నాయి. మొదటిది రాత్రి 10.30 నుంచి ఉదయం 5.30 వరకు తనంతట తానే వెళుతుంది. మిగిలినవాటికి టైపు చేసే చోట / గుర్తు కొట్టి, ఇక్కడ రాసిన మాటను జోడిస్తే సందేశం మొత్తం వస్తుంది. ఫోనుకు నెట్ లేకపోతే మొదటి జవాబు కూడా వెళ్ళదు కనుక, రాత్రి పది గంటలకు ఛార్జింగు, డేటా రెండూ చూసుకోవాలి.

పోయిన వర్షాకాలంలో మన పాత జవాబు "త్వరలో సంప్రదిస్తాం" అని మాత్రమే చెప్పేది. ఆ మాట నమ్ముకుని ఒక కుటుంబం డెబ్బై ఏళ్ళు దాటిన తల్లితో బస్టాండులో సిమెంటు బల్ల మీద రెండు గంటలు కూర్చుంది. ఆ రాత్రి మన రెండో అంతస్తులో మూడు గదులు ఖాళీగా ఉన్నాయి. తెల్లవారాక ఆ పెద్దావిడ తడిసిన చీర కొంగు పిండుకుంటూ మన మెట్లెక్కడం చూసిన తర్వాతే ఈ జవాబులు రాయడం మొదలుపెట్టాను. గది ఉంటే ఉందని, లేకపోతే లేదని వెంటనే చెప్పాలి. "చూసి చెబుతాం" అనే మాట రాత్రిపూట మన ఫోను నుంచి వెళ్ళకూడదు.

తనంతట తానే వెళ్ళే జవాబు

నమస్కారమండి. భద్రాచలంలోని మా లాడ్జికి సందేశం పంపినందుకు కృతజ్ఞతలు. ఇది ఫోను తనంతట తానే పంపుతున్న జవాబు. ఈ వేళలో రిసెప్షన్‌లో ఒక్కరే ఉంటారు కనుక, మీ సందేశం చదివి జవాబు రాయడానికి పదిహేను నిమిషాల వరకు పట్టవచ్చు. మీరు ఇప్పటికే దారిలో ఉన్నా, ఊళ్ళో దిగి ఉన్నా, సందేశం కోసం ఎదురుచూడకుండా ఇదే నంబరుకు కాల్ చేయండి. ఎంత రాత్రయినా ఫోను ఎత్తుతాం. రేపటికి గానీ ఆ తర్వాతి రోజులకు గానీ గది కావాలనుకుంటే, ఎంతమంది వస్తున్నారో, ఏ రోజున వస్తున్నారో, సుమారుగా ఎన్ని గంటలకు చేరుకుంటారో రాసి పెట్టండి. ఉదయం 6.30 లోపు గది ఉన్నదీ లేనిదీ తప్పకుండా చెబుతాం. మేము స్వయంగా జవాబు రాసేవరకు గది ఖాయమైనట్టు కాదని దయచేసి గమనించగలరు.

/khali (ఈ రాత్రికి గది ఉన్నప్పుడు)

అవునండి, ఈ రాత్రికి గది ఉంది. ఇద్దరికి సరిపోయే నాన్ ఏసీ గది అద్దె 700 రూపాయలు, ఏసీ గది 1,200 రూపాయలు, నాలుగు మంచాల నాన్ ఏసీ గది 1,500 రూపాయలు. అదనపు పరుపుకు 150 రూపాయలు తీసుకుంటాం, పదేళ్ళలోపు పిల్లలకు ఏమీ తీసుకోం. అద్దె ఇరవై నాలుగు గంటల లెక్క కనుక, మీరు రాత్రి రెండింటికి దిగితే మర్నాడు రాత్రి రెండింటి వరకు గది మీదే. ఈ సందేశం అందినప్పటి నుంచి ఒక గంటపాటు గదిని మీ కోసం ఆపి ఉంచుతాం, దానికి అడ్వాన్సు అక్కరలేదు. గంటలోపు చేరుకోలేకపోతే ఒక్కసారి ఫోను చేస్తే మరికొంతసేపు ఆపుతాం. రాత్రి పదకొండు తర్వాత ముందు షట్టరు సగం దించి ఉంటుంది, కానీ దాని పక్క గోడకు ఆకుపచ్చ దీపం కింద బెల్లు ఉంది. రెండుసార్లు నొక్కండి, లేచి వస్తాం. మాకు లిఫ్టు లేదు. మెట్లెక్కలేని పెద్దవాళ్ళు వస్తుంటే ముందే చెప్పండి, కింది అంతస్తులోని రెండు గదుల్లో ఏది ఖాళీగా ఉంటే అది వారికే ఇస్తాం.

/ledu (గదులు నిండినప్పుడు)

క్షమించండి, ఈ రాత్రికి మా పద్నాలుగు గదులూ నిండిపోయాయి. ఎవరైనా ఖాళీ చేస్తారేమోనని మిమ్మల్ని నిలబెట్టడం మాకు ఇష్టం లేదు కనుక, మా కోసం ఆగకుండా మరోచోట ప్రయత్నించండి. దేవస్థానం వారి వసతి గదులు ఆలయానికి దగ్గరలోనే ఉన్నాయి, వాటి సంగతి ముందుగా అక్కడ అడగడం మంచిది. మీతో చిన్నపిల్లలు గానీ, పెద్దవాళ్ళు గానీ ఉండి, ఎక్కడా చోటు దొరకకపోతే మా దగ్గరకు రండి. ముందు హాల్లో ఫ్యాను కింద తెల్లవారేవరకు కూర్చోవచ్చు, స్నానాల గది వాడుకోవచ్చు, సామాను పెట్టుకోవచ్చు. దీనికి మేము డబ్బు తీసుకోం.

/train (రైలులో వచ్చేవారికి)

దయచేసి ఒక విషయం గమనించండి. భద్రాచలం రోడ్ అనే రైల్వేస్టేషను భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. అక్కడి నుంచి మా ఊరు సుమారు 40 కిలోమీటర్లు, గోదావరి వంతెన దాటి రావాలి. స్టేషను పేరు చూసి, దిగిన వెంటనే ఆటోలో పది నిమిషాల్లో చేరిపోతామనుకుని వచ్చేవారు ప్రతి నెలా మాకు ఫోను చేస్తూనే ఉంటారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం. కొత్తగూడెం నుంచి ఆర్టీసీ బస్సులో రావడానికి గంట, గంటంబావు పడుతుంది. తెల్లవారకముందే దిగేవారు, ముఖ్యంగా ఆడవాళ్ళు, పిల్లలతో ఉన్నవారు, వెలుతురు వచ్చేవరకు స్టేషనులోనే ఉండి ఆ తర్వాత బస్సెక్కడం మేలు. కారు మాట్లాడుకుంటే బయలుదేరేముందే మొత్తం ఎంతో తేల్చుకుని, బండి నంబరు మాకు పంపండి. వంతెన దాటాక కాల్ చేస్తే మా మనిషి వీధి మలుపు దగ్గర నిలబడతాడు. బస్టాండు నుంచి మా లాడ్జికి నడిచి ఎనిమిది నిమిషాలు.

/varada (జూలై నుంచి సెప్టెంబరు వరకు, గోదావరి గురించి అడిగినవారికి)

గోదావరి నీటిమట్టం భద్రాచలం వద్ద 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక నాటికి స్నాన ఘట్టాల మెట్లు మునిగి ఉంటాయి కనుక నదీ స్నానం ఆలోచన పెట్టుకోకండి. రెండో హెచ్చరిక తర్వాత పర్ణశాల వైపు, కూనవరం వైపు వెళ్ళే లోతట్టు రోడ్ల మీదికి నీరు రావచ్చు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71 అడుగులకు పైగా వచ్చిన ఊరు మాది. 2022లో వంతెన మీద రాకపోకలు కూడా ఆపేశారు. అందువల్ల రెండో హెచ్చరిక ఉన్నప్పుడు, గది బుక్ చేసుకున్నవారిని కూడా ప్రయాణం వాయిదా వేసుకోమనే మేము చెబుతాం, అడ్వాన్సు పూర్తిగా వెనక్కి పంపుతాం. పాపికొండల పడవలు తిరుగుతున్నాయో లేదో మేము హామీ ఇవ్వలేం. నీటిమట్టాన్ని బట్టి అధికారులు అనుమతిస్తేనే అవి కదులుతాయి.

డ్యూటీలో ఉన్నవారు ఈ జవాబు పంపేముందు ఆ గంటకు ఎన్ని అడుగులుందో తెలుసుకుని, ఆ అంకెను కింద విడిగా రాయాలి. నిన్నటి అంకె రాయకండి. పది అడుగులు పెరగడానికి ఒక్క రాత్రి చాలు.

/navami (శ్రీరామనవమి, ముక్కోటి రోజులకు)

నమస్కారమండి. శ్రీరామనవమి కల్యాణానికి ముందురోజు నుంచి మర్నాటి పట్టాభిషేకం దాకా మూడు రోజులకూ, ముక్కోటి ఏకాదశికీ, దాని ముందురోజు జరిగే తెప్పోత్సవానికీ మెసేజి ద్వారా గదులు ఇవ్వడం లేదు. పగటిపూట ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపు కాల్ చేసి మాట్లాడితే, ఖాళీ ఉంటే రాసుకుంటాం. ఆ రోజుల అద్దె మామూలు రోజుల అద్దే. పండుగ పేరు చెప్పి మేము పెంచం, మా పేరు చెప్పి ఎవరైనా ఎక్కువ అడిగితే ఇవ్వకండి. కల్యాణం మిథిలా ప్రాంగణంలో పగటిపూట ఎండలో జరుగుతుంది, ఆ రోజు వాహనాలను దూరంగానే ఆపుతారు. పెద్దవాళ్ళతో వచ్చేవారు ముందురోజు సాయంత్రానికల్లా ఊళ్ళోకి చేరేలా చూసుకోండి.

/dabbu (అడ్వాన్సు పంపుతామన్నవారికి)

రేపటి నుంచి ఉండే గదులకు మాత్రమే 500 రూపాయల అడ్వాన్సు తీసుకుంటాం. మీరు ఇప్పుడు మాట్లాడుతున్న ఈ నంబరు నుంచి వచ్చిన క్యూఆర్‌కే పంపండి. ఇంటర్నెట్‌లో మా ఫొటోలు పెట్టి వేరే నంబర్లు ఇచ్చేవారు ఉన్నారు, వారితో మాకు సంబంధం లేదు. డబ్బు వెనక్కి పంపడానికి మేము మిమ్మల్ని పిన్ కొట్టమనం, ఓటీపీ అడగం. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. మా పేరుతో ఎవరైనా మోసం చేశారనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేసి, ఆ తర్వాత మాకు చెప్పండి. రావాల్సిన సమయానికి 24 గంటల ముందు రద్దు చేస్తే అడ్వాన్సు మొత్తం, ఆ తర్వాతైతే సగం వెనక్కి పంపుతాం.

/card (గుర్తింపు కార్డు)

గదిలో ఉండే పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులూ చూపించాలి. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సుల్లో ఏదైనా సరిపోతుంది. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే కాపీ ఉంటే అదే తీసుకురండి. కార్డు ఫొటోలు వాట్సాప్‌లో పంపవద్దు, వచ్చాక చూపిస్తే చాలు. విదేశీ పాస్‌పోర్టు ఉన్న అతిథుల వివరాలు 24 గంటల్లోగా ప్రభుత్వానికి నమోదు చేయాలి కనుక, పాస్‌పోర్టుతో పాటు వీసా గానీ ఓసీఐ కార్డు గానీ తప్పక వెంట ఉండాలి. అమెరికా పాస్‌పోర్టుతో వచ్చే మన పిల్లలకూ ఇదే వర్తిస్తుంది, దయచేసి నొచ్చుకోకండి.

/jabbu (బస చేసినవారికి ఆరోగ్యం బాగోనప్పుడు)

భయపడకండి, మా మనిషి ఇప్పుడే మీ గదికి వస్తున్నాడు. తలుపు గడియ తీసి ఉంచండి. ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం లాంటివి ఉంటే ఈ క్షణమే 108కి ఫోను చేయండి, చిరునామా మేము వారికి చెబుతాం. ఊళ్ళోనే ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది, తోడుగా మా మనిషి వస్తాడు.

/udayam (రాత్రి గది దొరకనివారికి ఉదయం 6.30కి పంపేది)

శుభోదయమండి. రాత్రి మీరు అడిగినప్పుడు గది ఇవ్వలేకపోయాం. ఇప్పుడు ఒక గది ఖాళీ అయింది, శుభ్రం చేయడానికి అరగంట పడుతుంది. మీరు ఇంకా ఊళ్ళోనే ఉండి, గది కావాలనుకుంటే ఏడున్నర వరకు మరెవరికీ ఇవ్వకుండా ఉంచుతాం. వేరేచోట దిగి ఉంటే "దిగాం" అని ఒక్క మాట రాయండి, క్షేమంగా చేరారని మాకు తెలుస్తుంది. ఉదయం నాలుగు నుంచి ఎనిమిది వరకు వేడినీళ్ళు వస్తాయి.