రాత్రిపూట చూడటానికి ఏమన్నా చెప్పవే

స్వప్నా, ఎట్లున్నవే? నీ మెసేజులన్నీ చూశాను. జవాబు పెడదామనుకునేలోపు ఇది లేస్తుంది, అట్లనే ఉండిపోతున్నాయి. ఇప్పుడు టైం రెండున్నర దాటింది. పాప పాలు తాగి నా భుజం మీద పడుకుంది. తేన్పు వచ్చేదాకా కదలొద్దు కాబట్టి ఒంటి చేత్తో కొడుతున్నా, తప్పులుంటే సర్దుకుని చదువు. ఇది చూసి ఫోన్ మాత్రం చెయ్యకు. ఈ టైంలో రింగయితే మా అమ్మ నిన్నూ నన్నూ కలిపి తిడుతుంది.

నీతో ఒక పని పడింది. కాలేజీలో ఉన్నప్పటి నుంచి నువ్వు చూడని సిరీస్ లేదు కదా, అందుకే నిన్ను అడుగుతున్నా. రాత్రి పాలిచ్చేటప్పుడు చూసుకోవడానికి నెమ్మదిగా, చిన్నగా ఉండేవి ఏమన్నా చెప్పు. నీకు ఇష్టమైన ఆ ఎనిమిది గంటల హత్య కేసులు వద్దు తల్లీ.

ఇక్కడ రాత్రిళ్ళు ఎట్లుంటాయో చెప్తే నీకు సంగతి అర్థమవుతుంది. రెండు గంటలకోసారి, దయ తలిస్తే మూడు గంటలకోసారి లేస్తుంది. పాలు తాగడానికి ఇరవై నిమిషాలు, ఒక్కోసారి అరగంట. ఆ తర్వాత తేన్పు కోసం ఇంకో పావుగంట నిలువుగా ఎత్తుకోవాలి. ఈలోపు బట్ట తడిపితే మళ్ళీ మార్చుడు. అంతా అయ్యేసరికి గంట దగ్గర పడుతుంది. అంటే నాకు మిగిలే నిద్ర ఇంకో గంటన్నర. పాలిస్తుంటే కళ్ళు అవే మూతలు పడిపోతాయే, ఆపడం నా చేతుల్లో లేదు. హాస్పిటల్లో నర్సమ్మ గట్టిగానే చెప్పింది, కూర్చున్నకాడ పిల్లను ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడొద్దు, పిల్ల జారినా ప్రమాదమే, ముఖానికి ఏదన్నా అడ్డంపడినా ప్రమాదమే అని. మొదట్లో అమ్మ పక్కన కూర్చుని కాపలా కాసేది. పొద్దంతా నాకు వేణ్ణీళ్ళు, పథ్యం, పాపకు స్నానం, బట్టలు అన్నీ ఆమే చూసుకుంటుంది. ఇప్పుడు రాత్రి ఆమెను లేపాలంటే నాకే మనసొప్పట్లేదు. అందుకే నన్ను మెలకువగా ఉంచే బొమ్మ ఏదో ఒకటి కావాలి. అయితే పాప పడుకోగానే నాకూ వెంటనే నిద్ర పట్టాలి. కష్టమంతా ఆ రెండోదాని దగ్గరే వచ్చింది.

ముందు రీల్స్ చూశాను. అస్సలు పనికిరాలేదు. ఒకటి నవ్విస్తుంది, తర్వాతది ఏడిపిస్తుంది, ఆ తర్వాతది పిల్లకు ఇది పెట్టకపోతే తెలివి పెరగదని భయపెడుతుంది. బాలింతనని ఆ ఫోన్‌కు ఎట్ల తెలిసిందో, అన్నీ అవే. పాప పడుకున్నాక కూడా వేలు ఆగట్లేదు. ఒకరోజు తల ఎత్తి చూస్తే బయట కోడి కూసింది.

తర్వాత మా ఆయన చెప్పాడని ఒక పోలీసు సిరీస్ పెట్టాను. మొదటి ఎపిసోడ్‌లోనే చిన్నపిల్లను ఎత్తుకుపోయారు. వెంటనే ఆపేసి తలుపు గడియ రెండుసార్లు చూసొచ్చాను. ఇప్పుడు నా మనసు ఇదివరకటి లెక్క లేదు స్వప్నా, ప్రకటనల్లో పిల్లలు కనపడినా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంకో మాట, నవ్వకు. తెర మీద పసిపిల్ల ఏడుపు వినపడితే నాకు పాలు చేపుతున్నాయి. మా పాప మంచిగ పడుకునే ఉంటుంది, ఎవరో ఏడ్చినందుకు నా జాకెట్ తడుస్తుంది. కాబట్టి పిల్లల ఏడుపులు, పురుళ్ళు, హాస్పిటల్ సీన్లు ఉన్నవి ఎంత మంచివైనా ఇప్పుడు వద్దు.

అమృతం గుర్తుందా? చిన్నప్పుడు ఆదివారం రాత్రి జెమినిలో వచ్చేది, మీ ఇంట్లోనూ చూసేవాళ్ళు. యూట్యూబ్‌లో దొరికితే పెట్టుకున్నా. ఏ ఎపిసోడ్‌కు ఆ కథ అయిపోతుంది, నిడివి కూడా సరిపోయింది. కానీ నవ్వొస్తే కుట్ల దగ్గర గుంజుతుంది! పొట్ట పట్టుకుని, నోరు మూసుకుని, పిల్ల కదలకుండా నవ్వడం ఎంత కష్టమో నీకు తెలియదు. అది ఇంకో నెల తర్వాత చూస్తా.

మాల్గుడి డేస్ కూడా మొదలుపెట్టాను. ఎనభైల్లో దూరదర్శన్ కోసం శంకర్ నాగ్ తీసింది. చాలా బాగుంది, ఇరవై నిమిషాలు కాస్త దాటుతుంది, ఎవరూ అరవరు. కానీ కొన్ని కథలు చివర్లో గుండె పిండేస్తాయి. పగలు చూడాల్సినవి అవి. ఏది నవ్వించేదో ఏది ఏడిపించేదో ముందే చెప్పేవాళ్ళుంటే రాత్రికి కూడా పనికొస్తాయి. నువ్వు చూశావా అన్నీ?

అన్నింట్లోకి కుదిరింది షాన్ ద షీప్. నవ్వకే. గొర్రెల బొమ్మలది, ఒక్కోటి ఏడు నిమిషాలు. అందులో మాటలే లేవు, మూతి కదిలిస్తూ గొణుక్కుంటారంతే. సౌండ్ మొత్తం తీసేసినా కథ తెలుస్తుంది. అటు పక్క ఒకటి, ఇటు పక్క ఒకటి, తేన్పుకు ఇంకొకటి అని లెక్క కూడా పెట్టుకున్నా. కానీ ఎన్నని చూస్తాం, ఆ గొర్రెలు ఇప్పుడు కలలోకి వస్తున్నాయి.

మా ఆయన నెట్‌ఫ్లిక్స్‌లో మిడ్‌నైట్ డైనర్ అని జపాన్‌ది ఒకటి ఉంది. టోక్యోలో ఒక చిన్న సందులో హోటల్, అర్ధరాత్రి తీసి పొద్దున ఏడింటికి మూస్తారు. వచ్చినవాళ్ళు అడిగిందల్లా ఓనరే వండి పెడతాడు. ఒక్కో రోజు ఒక్కొక్కరి కథ. నాలాగే రాత్రి మేలుకున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారా అనిపించింది. నాకు నిజంగా నచ్చింది అదే. వచ్చిన చిక్కల్లా తిండితోనే. ఇక్కడ నాకు పొద్దున వెల్లుల్లి కారం వేసి అన్నం, మధ్యాహ్నం సొరకాయ, రాత్రి మళ్ళీ వెల్లుల్లి కారం. పెరుగు వద్దంటారు, చల్లనిది వద్దంటారు. ఆ హోటలాయన పొగలు కక్కే గిన్నె ముందర పెట్టేసరికి ఇక్కడ నా కడుపులో ఎలుకలు పరిగెత్తుతాయి. లేచి వంటింట్లోకి పోతే గిన్నెల చప్పుడుకు అమ్మ లేస్తుంది. అందుకని వంటలు లేనివి చెప్పు. ఉన్నా చూపించి వదిలేసేవైతే పర్వాలేదు, దగ్గర పెట్టి కెమెరా తిప్పేవి వద్దు.

ఇక ఎట్లాంటివి కావాలంటే, పదీ పదిహేను నిమిషాలవి అయితే మేలు, ఇరవై దాటొద్దు. ఎక్కడ ఆపినా తర్వాత ఏమైందోనని మనసు లాగకూడదు. ఎపిసోడ్ చివర ఎవడో తలుపు కొట్టి, ఆ ముఖం చూపించకుండా ఆపేస్తారు చూడు, అట్లాంటివి నాకు శత్రువులు. మనుషులు మెల్లగా మాట్లాడుకోవాలి. మన సీరియళ్ళలో అత్త తల తిప్పితే మూడుసార్లు డబడబ మోగుతుంది, అది వద్దు. కథే ఉండాలని కూడా లేదు. ఎవరన్నా బొమ్మ గీస్తున్నా, కుండ చేస్తున్నా, మగ్గం మీద చీర నేస్తున్నా చూస్తూ కూర్చుంటా. మన పోచంపల్లి, పుట్టపాక మగ్గాల మీద మంచి వీడియోలు ఏమన్నా ఉన్నాయా? నూలు కట్టి, రంగులో ముంచి, ఆ కట్లు విప్పేటప్పుడు డిజైన్ బయటపడుతుంది చూడు, పక్కన ఒకాయన మైక్ పట్టుకుని గొంతు చించుకోకుండా అది చూపిస్తే చాలు. రైలు పోతుంటే కిటికీలోంచి తీసినవి కూడా ఉంటాయట, అవి నిజంగా బాగుంటాయా లేక నిద్రే వచ్చేస్తుందా, నువ్వే చెప్పాలి. మరీ నిద్రొచ్చేది కూడా వద్దు మరి.

భాష తెలుగైతే సంతోషం. వేరేదైనా సబ్‌టైటిల్స్ ఉంటే చాలు, సౌండ్ ఎట్లాగూ చాలా తగ్గించే పెడతా. చెవుల్లో దూది పెట్టి స్కార్ఫ్ కట్టకుండా నన్ను ఈ గదిలోంచి బయటికి పోనివ్వరు. రాత్రి మాత్రం ఒక చెవిలోంచి దూది తీసి ఇయర్‌ఫోన్ పెట్టుకుని పైనుంచి స్కార్ఫ్ కట్టేస్తా. రెండో చెవి పాపకు. మా నానమ్మ చూసి, "మంచిగ కట్టుకున్నవ్ బిడ్డా, చలిగాలి పోదు" అని మెచ్చుకుంది కూడా. ఫోన్ కనపడితే మాత్రం ఊరుకోదు, ఆ వెలుగు పడితే పసిదాని కళ్ళు పోతాయట. అందుకని వెలుతురు మొత్తం తగ్గించి, హార్లిక్స్ సీసాకు ఆనించి, పాప ముఖం అటు ఉండేలా కూర్చుంటా. కాబట్టి మొత్తం చీకట్లో జరిగే సినిమాలు కూడా వద్దు, నాకు నల్ల తెర తప్ప ఏమీ కనపడదు.

ఇంకోటి, ఈ గదిలో సిగ్నల్ సరిగ్గా రాదు. కిటికీ తీస్తే వస్తుంది గానీ, కిటికీ తీస్తే నేను బతకను. బాలింతకు చలిగాలి అని ఒక గోల, వడ్ల సీజన్ కదా, మిర్యాలగూడ మిల్లుల ఊక ధూళి లోపలికి వస్తుందని ఇంకో గోల. మిల్లుల హోరు మూసినా వినపడుతూనే ఉంటుంది. పాపకు మాత్రం ఆ హోరే జోల, కరెంటు పోయి అది ఆగితే లేచి ఏడుస్తుంది! అందుకని డౌన్‌లోడ్ చేసుకునే వీలున్నవే చెప్పు. మా ఆయన శనివారం హైదరాబాద్ నుంచి వస్తాడు. పాత ట్యాబ్‌లో నింపుకుని రమ్మన్నా, ఫోన్ మీద సబ్‌టైటిల్స్ చదవలేక కళ్ళు గుంజుతున్నాయి. శుక్రవారం రాత్రికల్లా పేర్లు పంపితే ఆయన రూంలో వైఫై మీద ఎక్కించుకుంటాడు. ఏది ఏ యాప్‌లో ఉందో కూడా రాయి. ఆయనకు వదిలేస్తే మళ్ళీ పోలీసు సిరీసే తెస్తాడు.

వాయిస్ మెసేజ్ పెట్టకు, వినే వీలుండదు. ఒక్కో పేరు పక్కన ఏడిపిస్తుందా లేదా అన్నది ఒక ముక్క రాస్తే చాలు. నాలుగైదు చాలు, యాభై పంపితే ఏది చూడాలో తేల్చుకునేలోపే తెల్లారుతుంది.

తొట్టెల రోజు నువ్వు రాలేదని అమ్మ ఇంకా అంటూనే ఉంది. సంక్రాంతికి నల్గొండ వస్తే ఇటు కూడా రా, బస్సెక్కితే ఎంతసేపు. వచ్చేటప్పుడు పాపకు బట్టలు తేకు, బీరువా నిండా అవే. నాకు ఎవరూ చూడకుండా ఒక మిరపకాయ బజ్జీ తే.

తేన్పు వచ్చింది. ఉంటా.